లేచి నిలబడితే బీపీ ఎంత పడింది? పల్స్ ఎంత పెరిగింది?

ఎండాకాలం వచ్చిందంటే మన డెల్టా ఊళ్లల్లో ఒక మాట తరచూ వినపడుద్ది. "మంచం మీదనుంచి లేవంగానే కళ్లు తిరిగినయ్యిరా", "తోటలో వంగి లేచేసరికి తూలొచ్చింది". విన్నోళ్లు "ఎండదెబ్బ, మజ్జిగ తాగు" అని వదిలేస్తారు. కొంతమంది "బీపీ పెరిగుంటది, ఇంకో మాత్ర ఏసుకో" అంటారు. ఆ మనిషి బీపీకి మందులు వాడతా ఉంటే, ఈ రెండో సలహా ఒక్కోసారి ప్రాణం మీదకు తెస్తది.

అసలు ఏం జరుగుతుందో తెలుసుకోడానికి ఇంట్లో ఉన్న బీపీ మిషనే సరిపోద్ది. అది మూడు నంబర్లు చూపిస్తది. పై నంబరు, కింది నంబరు, వాటి కింద పల్స్. చాలా ఇళ్లల్లో మొదటి రెండే రాస్తారు, మూడోది వదిలేస్తారు. బీపీ పడిపోయిందని చెప్పేది మొదటి రెండు నంబర్లు. ఎందుకు పడిపోయి ఉండొచ్చో అంచనా ఇచ్చేది మూడోది. ఇంట్లో ఫోను పట్టుకుని లెక్కలు రాయగలిగింది మీరే కాబట్టి, అమ్మమ్మకో, నాన్నకో, బాబాయికో ఈ లెక్క ఎట్టా రాయాలి, ఎట్టా చదవాలి అనేది మీకోసమే ఈ నాలుగు మాటలు.

లేచినప్పుడు ఒంట్లో ఏం జరుగుద్ది

కూర్చున్న మనిషి లేచి నిలబడంగానే అరలీటరు పైచిలుకు రక్తం కాళ్లల్లోకి, పొట్ట కిందికి జారుద్ది. ఆ క్షణాన గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుద్ది, బీపీ కొంచెం పడుద్ది. మెడ దగ్గర పెద్ద రక్తనాళాల్లో ఈ తేడాని కనిపెట్టే నరాలున్నాయి. అవి మెదడుకి కబురు పంపితే, మెదడు రెండు పనులు చేయిస్తది. గుండెని కాస్త వేగంగా కొట్టమంటది. కాళ్లల్లో రక్తనాళాలని బిగించమంటది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోద్ది, మనకి తెలియను కూడా తెలియదు.

మామూలుగా అయితే నిలబడ్డాక పై నంబరు ఒక అయిదో పదో తగ్గుద్ది, పల్స్ ఒక పదో పదిహేనో పెరుగుద్ది. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై నంబరు 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే, లేదా కింది నంబరు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే, అది డాక్టరుకి చెప్పాల్సిన పాట. ప్రపంచమంతటా డాక్టర్లు వాడే హద్దు అదే. కూర్చుని మాత్రమే బీపీ చూస్తే ఈ పాట ఎప్పటికీ దొరకదు.

కొలవడంలోనే సగం తప్పులు

మిషను చేతి దండకి కట్టేదై ఉండాలి, మణికట్టుకి పెట్టేదాన్ని నమ్ముకోవద్దు. పట్టీ చొక్కా చెయ్యి మీదనుంచి కాదు, ఒంటి మీదే కట్టాలి. చాలా మిషన్లతో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న దండకి సరిపోద్ది. లావాటి చేతికి అదే పట్టీ బిగించి కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తది. అట్టాంటోళ్లకి పెద్ద పట్టీ విడిగా కొనుక్కోవాలి.

కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, బీడీ, చుట్ట వద్దు. ఒంటేలుకి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తున ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాసి, వాటి సగటు తీసుకోవాలి.

తర్వాత నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఒకసారి కొలవాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడేది. నిలబడ్డప్పుడు చెయ్యి కిందికి వేలాడేస్తారు. చెయ్యి గుండె కంటే పది సెంటీమీటర్లు కిందికుంటే బీపీ ఇంచుమించు 8 ఎక్కువ చూపిస్తది. పూర్తిగా వేలాడేస్తే పడిపోయిన 20 లో చాలా భాగం అక్కడే దాక్కుంటది. కాబట్టి నిలబడ్డాక కూడా ఆ చేతిని మీరు కింద నుంచి పట్టుకుని గుండె ఎత్తున ఆనించి ఉంచాలి. వెనకాల మంచమో కుర్చీయో తప్పకుండా ఉండాలి, పక్కన మీరుండాలి. కళ్లు తిరుగుతున్నయ్ అంటే పరీక్ష అక్కడితో ఆపి కూర్చోబెట్టండి. "నిలబడలేకపోయారు" అని రాస్తే చాలు, అది కూడా డాక్టరుకి పనికొచ్చే మాటే.

ఒక వారం లెక్క చదువుదాం

అర్థం కావడానికి ఒక లెక్క అల్లుకుందాం. కృష్ణ లంకల్లో అరటి, కూరగాయల తోట కౌలుకి చేసే 62 ఏళ్ల పెద్దాయన అనుకోండి. ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది. పోయిన డిసెంబరులో చలికి బీపీ పెరిగిందని డాక్టరు ఒంటేలుకి పంపే మందు కలిసిన మాత్ర రాశారు. ఇప్పుడు మే నెల. సాయంత్రాలు లేవంగానే తూలొస్తుంది. ఇంట్లో పిల్లలు వారం రోజులు పొద్దున, సాయంత్రం లెక్క రాశారు.

పొద్దున లెక్కలన్నీ ఒకేలా ఉన్నాయి. కూర్చుంటే 132/80 అటూఇటూ, పల్స్ 72. నిలబడితే ఆరు తగ్గి, పల్స్ ఎనిమిది పెరిగింది. అందులో చెప్పుకునేదేం లేదు. సాయంత్రం అయిదింటికి తీసినవి ఇవి:

| రోజు | ఆ రోజు పని | కూర్చుని బీపీ | పల్స్ | నిలబడి బీపీ | పల్స్ |
|---|---|---|---|---|---|
| సోమ | ఇంట్లో | 126/78 | 76 | 120/76 | 84 |
| మంగళ | తోటలో | 114/70 | 88 | 92/62 | 112 |
| బుధ | ఇంట్లో | 124/76 | 76 | 118/74 | 84 |
| గురు | తోటలో | 112/70 | 90 | 90/60 | 114 |
| శుక్ర | తోటలో | 116/72 | 86 | 94/62 | 110 |
| శని | ఇంట్లో | 126/78 | 74 | 122/76 | 82 |
| ఆది | ఇంట్లో | 124/76 | 76 | 118/74 | 84 |

ముందు అందరూ చేసే పని చేద్దాం. ఏడు సాయంత్రాల కూర్చున్న బీపీకి సగటు తీస్తే పై నంబరు 120 వస్తది. ఇంటి దగ్గర కొలిచే బీపీకి హద్దు 135/85 కాబట్టి, "భేషుగ్గా ఉంది, మాత్ర బాగా పనిచేస్తంది" అనుకుంటాం. ఇదే పెద్దాయన ఆసుపత్రికి పోయినా ఇదే మాట వస్తది. ఎందుకంటే ఆసుపత్రికి పోయేది పొద్దున పూట, ఆ రోజు పనికి వెళ్లరు, కుర్చీలో కూర్చోబెట్టి కొలుస్తారు. తూలు వచ్చే సమయం, తూలు వచ్చే పని, తూలు వచ్చే భంగిమ, ఈ మూడూ ఆసుపత్రి కొలతలో ఉండవు. అది డాక్టరు తప్పు కాదు, ఆయనకి కనపడేది అంతే.

ఇప్పుడు రోజుల్ని రెండు గుంపులు చేద్దాం. ఇంట్లో ఉన్న నాలుగు రోజులు ఒకవైపు, తోటకి పోయిన మూడు రోజులు ఒకవైపు.

ఇంట్లో ఉన్న రోజుల్లో కూర్చుంటే సగటున 125, నిలబడితే 119 పైన. ఆరు లోపే తగ్గింది. పల్స్ ఎనిమిది పెరిగింది. ఒళ్లు తన పని తాను సవ్యంగా చేసుకుంటంది.

తోటకి పోయిన రోజుల్లో కూర్చుంటే సగటున 114, నిలబడితే 92. అంటే 22 పడింది, 20 హద్దు దాటింది. పల్స్ కూర్చున్నప్పుడే 88 ఉంది, నిలబడితే 112 అయ్యింది. అంటే 24 పెరిగింది.

ఒక వారం సగటు 120 లో ఈ రెండు కథలూ కలిసిపోయి కనపడకుండా పోయినయ్. అందుకే లెక్కలో నంబర్ల పక్కన ఆ రోజు ఏం పని చేశారో ఒక మాట రాయడం నంబరంత ముఖ్యం.

పల్స్ చెప్పేదేంది

పడిన బీపీని, పెరిగిన పల్స్‌ని పక్కపక్కన పెట్టండి. బీపీ 22 పడితే పల్స్ 24 పెరిగింది. అంటే నరాలు కబురు అందించినయ్, గుండె విని పరిగెత్తింది. అయినా బీపీ నిలబడలేదు. ఎందుకంటే ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గిపోయి రక్తనాళాల్లో సరుకే తక్కువుంది. బావిలో నీళ్లు అడుగంటితే మోటారు ఎంత తిరిగినా ఏం లాభం, అట్టాగన్నమాట.

మన వైపు వేసవిలో ఇది ఎందుకు ఎక్కువంటే, విజయవాడని ఊరికే "బ్లేజ్‌వాడ" అనరు. ఎండకి తోడు సముద్రం గాలిలో తేమ. చెమట పడుద్ది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు, ఇంకా చెమట పడుద్ది. వేడికి చర్మం కింద రక్తనాళాలు వెడల్పయ్యి బీపీ దానంతటదే తగ్గుద్ది. చాలామందికి చలికాలంలో బీపీ కాస్త ఎక్కువ, ఎండాకాలంలో కాస్త తక్కువ ఉండేది ఇందుకే. డిసెంబరు చలిలో సరిపోయిన మాత్ర మే ఎండలో ఎక్కువైపోవచ్చు. అందులో ఒంటేలుకి పంపే మందు కలిసి ఉంటే, చెమటలో పోయే నీళ్లకి, ఉప్పుకి తోడు ఒంటేల్లో కూడా పోతయ్.

అట్టాగని మాత్ర మీరే ఆపొద్దు, సగం చెయ్యొద్దు. ఈ కాగితం చూసి మార్చాల్సింది డాక్టరు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ రక్తపరీక్ష రాసి, ఏ మాత్ర తగ్గించాలో, ఏ పూటకి మార్చాలో ఆయన చూస్తారు. బీపీ మాత్రలతోపాటు ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ లాంటి గోళీలు వేసుకుంటుంటే ఆ మాట దాచకండి. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు, ఒంటేలుకి పంపే మందుతోపాటు నొప్పి గోళీ పడితే కిడ్నీకి చాలా చేటు. ఎన్టీఆర్ జిల్లా ఏ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో జనం పడ్డ బాధ మనందరికీ తెలుసు. అక్కడి జబ్బుకి కారణం ఇదే అని కాదు గానీ, కిడ్నీ చెడితే బతుకు ఎట్టా ఉంటదో చూసినోళ్లం కాబట్టి చెబుతున్నా.

బీపీ పడింది, పల్స్ కదల్లేదు

ఇప్పుడు ఇంకో ఇల్లు అనుకుందాం. పదిహేనేళ్లుగా షుగరున్న 58 ఏళ్ల అమ్మ. పొద్దున్నే కూర్చుంటే 148/84, పల్స్ 82. నిలబడితే 116/70, పల్స్ 85. ఎండకి పోయినా పోకపోయినా వారమంతా ఇంతే.

బీపీ 32 పడింది. పల్స్ మూడే పెరిగింది. ఇక్కడ గుండెకి కబురే అందలేదు. చాలా ఏళ్ల షుగరు కాళ్ల నరాల్ని తిమ్మిరెక్కించినట్టే, గుండెనీ రక్తనాళాల్నీ నడిపించే నరాల్ని కూడా దెబ్బతీయొచ్చు. డాక్టర్లు వాడే ఒక తేలిక లెక్క ఉంది. పెరిగిన పల్స్‌ని, పడిన పై నంబరుతో భాగించండి. మొదటి పెద్దాయనకి 24 ని 22 తో భాగిస్తే 1 పైన. ఈ అమ్మకి 3 ని 32 తో భాగిస్తే 0.1 దగ్గర. 0.5 కంటే తక్కువొస్తే నరాల వైపు అనుమానించాలి. ఈ లెక్క వేసేది పై నంబరు 20 గానీ ఎక్కువ గానీ పడ్డప్పుడే. అయిదో ఆరో పడ్డదానికి భాగహారం చేసి భయపడొద్దు.

పైకి ఇద్దరిదీ ఒకటే బాధ, లేస్తే తూలు. కానీ వైద్యం వేరు. పెద్దాయనకి ఎండకాలపు మందు మోతాదు చూడాలి. ఈ అమ్మకి కూర్చున్నప్పుడు బీపీ ఎక్కువే ఉంది, పడుకుంటే ఇంకా పెరగొచ్చు. ఆమెకి "తూలొస్తంది కదా, ఉప్పు నీళ్లు తాగు" అని పక్కింటోళ్లు చెప్పే సలహా బీపీని ఇంకా పైకి తోస్తది. కూర్చున్న 148 చూసి ఇంకో మాత్ర పెంచితే నిలబడ్డప్పుడు కింద పడే ప్రమాదం పెరుగుద్ది. రెండు కొలతలూ ఒకే కాగితం మీద చూస్తేగానీ డాక్టరుకి ఈ చిక్కు తెలియదు.

పల్స్ మోసం చేసే చోట్లు

పల్స్ పెరగలేదంటే ప్రతిసారీ నరాలే అనుకోవద్దు. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. అవి వాడేవాళ్లకి ఒళ్లు ఎండిపోయినా పల్స్ పెద్దగా పెరగదు, కాబట్టి పైన చెప్పిన భాగహారం వాళ్లకి పనికిరాదు. అందుకే కాగితం మీద మాత్రల పేర్లు, ఏ పూట వేసుకుంటారో రాయడం తప్పనిసరి. పేరు తెలియకపోతే మాత్రల అట్టని ఫొటో తీసి పెట్టుకోండి.

రెండోది, గుండె కొట్టుకోవడంలోనే లయ తప్పితే మిషను లెక్క నమ్మకం ఉండదు. ఒక నిమిషం తేడాతో తీస్తే పల్స్ 70 అని ఒకసారి, 104 అని ఒకసారి వచ్చినా, మిషన్లో లయ తప్పిందని చూపే గుర్తు మళ్లీమళ్లీ వెలిగినా, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిండు నిమిషం లెక్కపెట్టండి. గడియారంలా సమంగా కాకుండా ఇష్టమొచ్చినట్టు కొడుతుంటే "నాడి లయ తప్పి ఉంది" అని రాయండి. అట్టాంటి వాళ్లకి ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించాలి. లయ తప్పిన గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకి పోతే పక్షవాతం వస్తది.

కాగితం ఇట్టా ఉండాలి

డాక్టరు దగ్గర మనకి దొరికేది అయిదు నిమిషాలు. ఫోనులో యాభై ఫొటోలు తిప్పి చూపిస్తే ఎవరూ చదవరు. వారం పట్టిక ఒక పేజీలో రాసి, పైన నాలుగు ముక్కలు పెట్టండి. పెద్దాయన కాగితం ఇట్టా ఉంటది:

"వయసు 62. బీపీ ఎనిమిదేళ్లు. మాత్రల పేర్లు, పూటలు కింద రాశాం. డిసెంబరులో మాత్ర మారింది. మే నెలలో తోటకి పోయిన సాయంత్రాలు లేస్తే తూలు. ఆ మూడు రోజుల్లో నిలబడితే పై నంబరు 22 పడింది, పల్స్ 24 పెరిగింది. ఇంట్లో ఉన్న రోజుల్లో 6 పడింది, పల్స్ 8 పెరిగింది. నొప్పి గోళీ వారంలో రెండుసార్లు."

ఇందులో జబ్బు పేరు లేదు, మన తీర్పు లేదు. చూసింది మాత్రమే ఉంది. ఈ కాగితం ముందు ఊళ్లో విలేజ్ క్లినిక్‌లో చూపించొచ్చు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో ఊళ్లకి రావడం మొదలైంది. మీ ఊరికి డాక్టరు ఎప్పుడొస్తారో, రాకపోతే పీహెచ్‌సీలో ఏ రోజు ఉంటారో ఏఎన్ఎంనో, ఆశా అక్కనో అడగండి. వారం లెక్క పూర్తయ్యేలోపు చూపించడం మేలే గానీ, వారం కోసం ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి.

స్పృహ తప్పి పడిపోయినా, గుండెలో నొప్పి, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా నోటుబుక్కు పక్కన పడేసి 108 కి ఫోన్ చెయ్యండి. బీపీ ఎంతుంది అని చూస్తా కూర్చోవద్దు. ఇవేవీ లేకపోయినా, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ కొలిస్తే కూడా 180/120 దాటితే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఊరికే కూర్చున్నా పల్స్ 120 దాటి తగ్గకపోయినా, 50 కంటే తక్కువుండి తూలొస్తున్నా ఆ రోజే పోవాలి.

మిగతా రోజుల్లో చెయ్యాల్సింది తక్కువే. పని నుంచి వచ్చిన సాయంత్రం ఒకటి, ఇంట్లో ఉన్న సాయంత్రం ఒకటి, కూర్చుని, నిలబడి కొలవండి. పడిన బీపీ పక్కన పెరిగిన పల్స్ రాయండి. ఆ రెండు నంబర్ల మధ్య తేడా చూసి, తర్వాత డాక్టరు దగ్గరకి పోయేటప్పుడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోండి.